వెనక్కి తిరిగినా

చదివేవాళ్ళు వాక్యంలో ఎక్కడ తడబడతారో కొలవడం నా ఉద్యోగం. బంధువులు అడిగితే కాలేజీలో పాఠాలు చెబుతానని తప్పించుకుంటాను. అసలు సంగతి చెబితే, దీనికి కూడా జీతమిస్తారా అంటారు.

ఆ వారం విడవలూరు దాటాక సముద్రం పక్కనున్న ఒక పాళెంలో ఉన్నాను. తుఫాను షెల్టరు మేడ మీద గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేదాన్ని. వాయుగుండం పుణ్యమా అని వేట ఆగిపోయింది, ఊళ్ళో అందరూ ఖాళీగా ఉన్నారు, అడిగితే కాదనకుండా వచ్చి చదివేవారు. పని చాలా తేలిక. మీట నొక్కితే తెర మీద వాక్యంలో ఒక ముక్క కనబడుతుంది. మళ్ళీ నొక్కితే అది మాయమై తర్వాతి ముక్క వస్తుంది. ఏ ముక్క దగ్గర వేలు ఎంతసేపు ఆగిందో ల్యాప్‌టాప్ రాసుకుంటుంది. ఆఖర్న ఒక ప్రశ్న వస్తుంది, దానికి అవుననో కాదనో నొక్కాలి.

నా వాక్యాల్లో ఒకటి ఇది: "అత్త కోడలిని తిట్టిన ఆడపడుచును మందలించింది." మొదటి మూడు మాటలు చదివేసరికి తిట్టింది అత్తేనని మనసు తీర్పు చెప్పేస్తుంది. వాక్యం ముగిసేదాకా ఆగే ఓపిక ఎవరికీ ఉండదు, నాకసలే లేదు. 'ఆడపడుచును' అనే మాట దగ్గరకు రాగానే వేలు ఆగిపోతుంది. తిట్టింది ఆడపడుచు, అత్త చేసింది మందలించడం. అనుకున్నదంతా విప్పి మళ్ళీ కట్టుకోవాలి. విప్పాక కూడా మొదటి అర్థం పూర్తిగా పోదు. వాక్యం మొత్తం చదివి కూడా, అత్త కోడలిని తిట్టిందా అని అడిగితే కొందరు అవుననే నొక్కుతారు.

ఆ రోజు నా ఎదురుగా కూర్చున్నావిడ కూడా అవుననే నొక్కింది. పది దాకా చదువుకుంది. చురుకైన మనిషి, నోరు కూడా అంతే చురుకు. భర్తకు ఫైబర్ బోటు ఉంది.

"అత్త తిట్టలేదు కదమ్మా," అన్నాను.

"తిట్టకుండా ఉంటాదా అక్కా? మా అత్త దగ్గర ఒక్క పూట ఉండి చూడు!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ ఫోన్ మోగడంతో కిటికీ దగ్గరికి వెళ్ళి ఊరి వాట్సాప్ గ్రూపులో వచ్చిన సందేశం చదువుకుంది. వెంటనే భర్తకు ఫోన్ చేసింది. "మామా, ఎళ్ళొచ్చంట. ఆఫీసర్లే చెప్పినారంట," అంది. బోటు ఒడ్డునే సిద్ధంగా ఉందట. ఇంట్లో రోజులు ఎలా గడుస్తున్నాయో, ఆ గొంతులో సంతోషం వింటేనే తెలిసింది.

నేను కిటికీలోంచి ఆకాశం చూశాను. వేటకు పొమ్మనే ఆకాశంలా లేదు.

"ఏదీ, చూపించు," అన్నాను.

ఆ వాక్యం నాకిప్పటికీ కంఠతా వచ్చు: "అధికారులు నేటి నుంచి వేటకు వెళ్ళవచ్చని చెబుతున్న వాట్సాప్ సందేశాలను నమ్మవద్దని మత్స్యకారులను కోరారు."

చదువుతుంటే నాకూ కాలు జారింది. నాకు వెంటనే తెలిసింది, అంతే తేడా. ఒళ్ళు మండిపోయింది. ప్రాణాల మీదికొచ్చే కబురును ఎవరైనా ఇలా రాస్తారా? 'అధికారులు' అని మొదలుపెట్టి, వాళ్ళు అన్న మాటను ఆఖరుకు తోసి, మధ్యలో వాళ్ళు అనని మాటను ఇరికించారు. నా ప్రయోగం కోసం కావాలని రాసినా ఇంత బాగా కుదిరేది కాదు.

"అధికారులు ఏమన్నారు?" అని అడిగాను.

"ఎళ్ళొచ్చన్నారు."

"ఆఖరిదాకా చదివావా?"

"చదివినా అక్కా. నమ్మొద్దని ఏందో ఉండాది."

రెండూ ఆవిడ తలలో పక్కపక్కనే కూర్చున్నాయి. ఒకదాన్నొకటి తరిమేయలేదు. నిదానంగా, ఒక్కో ముక్క పైకి చదవమన్నాను. చదివింది. 'చెబుతున్న వాట్సాప్ సందేశాలను' దగ్గర ఆగింది. వేలు మీద ఇన్నాళ్ళూ కొలిచిన ఆ ఆగడం మొదటిసారి ఒక మనిషి ముఖంలో చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

"ఎళ్ళొచ్చంది ఆ మెసేజులా?" అంది మెల్లగా. "ఆఫీసర్లు వద్దన్నారా?"

ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగి పరిగెత్తింది. వెనకే నేను.

మేం వెళ్ళేసరికి బోటు అలల వరస దాటేసింది. అందులో ఆవిడ భర్త, బావగారు. మిగతా బోట్లవాళ్ళు ఇంకా ఇంజన్లు దించుకుంటున్నారు. నేను ఆ వాక్యాన్ని పక్కన పారేసి, ముందు చెప్పాల్సింది ముందు అరిచాను: "పోవద్దు! పొమ్మన్న మెసేజులన్నీ అబద్ధం!" వాళ్ళు ఆగారు. గాలి లేచింది. బోటు కనబడుతూ, మునిగినట్టు మాయమవుతూ, మళ్ళీ కనబడుతూ ఉంది.

ఎన్నోసారో ఫోన్ కలిసింది. ఆవిడ స్పీకర్ పెట్టి, వచ్చేయమని ఏడుస్తూ అరిచింది. గాలి రొదలోంచి అతని గొంతు వచ్చింది.

"ఇప్పుడు వెనక్కి తిరిగినా..."

ఫోన్ తెగిపోయింది.

"తిరిగినాడంట!" అని ఆవిడ ఇసుకలో కూలబడి దణ్ణం పెట్టుకుంది. "అమ్మయ్య. వస్తా ఉండాడు."

ఆవిడకు అది ముగిసిన వాక్యం. ఈ పక్క 'వచ్చినాను' అనే మాటను 'వచ్చినా' అంటారు. తిరిగినా అంటే తిరిగాను. నా చెవిలో మాత్రం అది సగంలో తెగింది. వెనక్కి తిరిగినా... తిరిగినప్పటికీ... ఆ తర్వాత ఏదో ఉంది. గొంతు పైకి లేచిందా, దిగిందా? ఆ గాలిలో పట్టుకోలేకపోయాను. నాకు తెలిసిన ముగింపుల్లో మంచిది ఒక్కటీ లేదు. ఆవిడకు చెప్పలేదు. చెప్పి ఏం చేయాలి? చదువుకున్న నోటితో ఆ కాస్త ఊపిరి కూడా ఆపేయాలా?

ఆవిడ నా చెయ్యి పట్టుకునే ఉంది. వస్తాడు అక్కా, తిరిగినానన్నాడు కదా అని మధ్యమధ్య నాకే ధైర్యం చెప్పింది. నేను అవునంటూ తల ఊపాను.

పొద్దు వాలుతుండగా ఎవరో కేక వేశారు. బోటు దక్షిణంగా, వాగు సముద్రంలో కలిసే చోటికి కొట్టుకొచ్చింది. మగవాళ్ళందరూ నడుంలోతు నీళ్ళలోకి దిగి తాడు అందుకుని లాగారు. ఇంజను ఎప్పుడో ఆగిపోయిందట. ఇద్దరూ బతికే ఉన్నారు. నేను అక్కడే ఇసుకలో కూర్చుని ఏడ్చాను.

తర్వాత వాళ్ళింట్లో టీ తాగుతుండగా ఇక ఉండబట్టలేకపోయాను. ఫోన్ తెగినప్పుడు ఏం చెప్పబోయారని అతన్నే అడిగాను.

అతను దుప్పటి కప్పుకుని వణుకుతూనే నవ్వాడు. "ఏముందక్కా. ఇప్పుడు వెనక్కి తిరిగినా ఒడ్డు అందేట్టు లేదు, బిడ్డల్ని చూసుకో అని చెప్పబోయినా."

టీ గిన్నె పట్టుకున్న ఆవిడ చెయ్యి ఆగింది. వాక్యం ఆవిడలో వెనక్కి నడవడం చూశాను. ఒడ్డున దణ్ణం పెట్టుకున్న క్షణం దాకా వెళ్ళింది. ఇంటికి పిలిచి టీ ఇస్తుంటే ఈ ప్రశ్న ఎందుకడిగానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆవిడ గిన్నె కింద పెట్టింది.

"నాకట్ట చెప్పలా," అంది భర్తతో. "తిరిగినా అన్నావు. నేను విన్నా. అంతే."

అతను ఏదో అనబోయాడు. ఆవిడ వినకుండా అతని గ్లాసులో ఇంకాస్త టీ పోసింది.