దీవెన మంచం కింద ఇనుము

రాజాం మెయిన్ రోడ్డు మీద ఇరవై కిలోలు పదిహేడు కిలోలైపోవడం లక్ష్మీనరసమ్మ కళ్ళారా చూసింది. ఆ పని చేసింది ఆవిడ పక్క వాటాలో అద్దెకుండే దీవెన. జాకెట్లు కుట్టుకుని బతికే మనిషి, గట్టిగా మాట్లాడితే దారం తెగుతుందేమో అన్నట్టు ఉండే మనిషి.

ఆటల సామాన్ల షాపువాడు డంబెల్ సెట్టు మూట కట్టి ఇచ్చాడు. రెండు ఇనప రాడ్లు, వాటికెక్కించే ఎనిమిది ప్లేట్లు, అవి జారకుండా బిగించే నట్లు. ప్లేటుకి రెండున్నర చొప్పున మొత్తం ఇరవై కిలోల ప్లేట్లని లెక్క. దీవెన ఓ ప్లేటు చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఆడించి చూసింది.

"ఇది రెండున్నర లేదండి."

"అచ్చు పోసి రాసుంది కదమ్మా!"

"రాసుంటే సరిపోద్దా? ఎదురుగా కాటా ఉన్నాది. రండి."

ఎదురుగా ఉన్నది దాలయ్య ధాన్యం కొట్టు. కాటా మీది బస్తాలు దింపించి ప్లేట్లన్నీ దాని మీద పేర్చింది. అంకె పదిహేడు దగ్గర ఆగిపోయింది. బస్తాలు మోసే కళాసీలు నవ్వారు. షాపువాడు ఇంకో రెండు ప్లేట్లు తెచ్చి అంకె ఇరవై దాటించాడు.

"నా కాటా ఎవలి మొహమూ సూడదు," అన్నాడు దాలయ్య.

"అయితే నన్నూ తూకమెయ్యి," అంటూ లక్ష్మీనరసమ్మ చెప్పులు విడిచి కాటా ఎక్కింది. యాభై ఒకటి. డెబ్బై రెండేళ్ళ ఒంట్లో యాభై ఒక్క కిలోలు నిలబెట్టుకున్నందుకు ఇంటిదాకా మెడ దించలేదు.

దీవెనకి ఈ ఇనుమంతా ఎందుకంటే, అమ్మ పరంజ్యోతి కోసం. ఆవిడకి నిరుడు పక్షవాతంతో కుడి పక్క పడిపోయింది. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి దీవెనే ఎత్తాలి. సంక్రాంతి ముందు ఎత్తబోయి నడుం పట్టేసి, తల్లీ కూతుళ్ళిద్దరూ నేల మీద పడ్డారు. బొబ్బిలి నుంచి తమ్ముడు స్టాన్లీ వచ్చి తేల్చి చెప్పేశాడు: ఈస్టరు వెళ్ళాక వస్తాను, అప్పటికి నువ్వొక్కదానివే అమ్మను లేపి కూర్చోబెట్టగలిగితే సరే, లేదంటే విశాఖలో ముసలాళ్ళను చూసే చోట చేర్పిస్తాను. పరంజ్యోతికి మాట తడబడుతుంది గాని కళ్ళు తడబడవు. ఆ కళ్ళు కిటికీ వదలలేదు. ఆదివారం చర్చిలో పాడే పాట ఆ కిటికీలోంచే వస్తుంది.

వారానికోసారి వచ్చే ఫిజియోథెరపీ కుర్రాడు త్రినాథ్ అన్నాడు: "మీ చేతుల్లో లోపం లేదక్కా. తుంటిలో, తొడల్లో బలం లేదు. బరువులతో కసరత్తు చెయ్యండి. డంబెల్సైనా సరే, కెటిల్‌బెల్లైనా సరే."

కెటిల్‌బెల్ అంటే చెంబుకి పైన లావుపాటి పిడి పెట్టినట్టుండే ఇనప గుండు. పన్నెండు కిలోలది రెండు వేల వంద. డంబెల్ సెట్టు రెండు వేల నాలుగొందలు.

"పన్నెండు కిలోలది ఎప్పటికీ పన్నెండే," అన్నాడు త్రినాథ్. "అది తేలికైపోతే పదహారుది మళ్ళీ కొనాలి. డంబెల్‌కైతే ప్లేటు తీసి ప్లేటెక్కించొచ్చు. భుజానికి తేలిగ్గా, వీపుకి బరువుగా, ఒక్క సెట్టుతోనే అయిపోద్ది."

దీవెన గది పదడుగులకి పన్నెండు. అందులో అమ్మ మంచం, కుట్టు మిషను, బీరువా. మిగిలింది చాప పరుచుకునేంత నేల. ఒకే సెట్టు, చాలా రకాల పని. అందుకే డంబెల్సు కొంది.

తెల్లారగట్ల మంచు ఇంకా వీధిలో తిరుగుతుండగా గోడవతల ఇనుము చప్పుడు వినబడేది. లక్ష్మీనరసమ్మ సగం నిద్రలో ఉండేది. ఆ చప్పుడు ఆవిడకి ఎడ్ల మెడలో గంటలై, బండి కళ్ళం వైపు కదిలేది. తన కాళ్ళ కింద తడిసిన గడ్డి. చేతిలో కొడవలి. నలభై ఏళ్ళ కింద పోయినవాళ్ళంతా వరసగా వంగి కోత కోస్తున్నారు. ఎవరూ తలెత్తి చూడరు. చప్పుడు ఆగితే పొలమూ ఆగిపోయేది.

"నీ నట్లు బిగించేసరికి నాను తెచ్చిన కాఫీ సల్లారిపోతన్నాది," అనేది లేచాక.

నిజంగానే జాకెట్టుకీ జాకెట్టుకీ మధ్య దొరికే పది నిమిషాల్లో నాలుగు ప్లేట్లు మార్చడానికే సగం పోయేది.

అయినా నెల తిరిగేసరికి దీవెన భుజాలు నిలబడ్డాయి. నడుం మాత్రం అలాగే ఉంది. ఫోన్‌లో ఎవరో కెటిల్‌బెల్‌ని కాళ్ళ మధ్య నుంచి ఛాతీ దాకా ఊపుతుంటే చూసి, తనూ డంబెల్‌ని నిలువుగా పట్టుకుని ఊపింది. పదోసారికి నట్టు వదులైంది. ప్లేటు ఎగిరి మిషను బల్ల చెక్కుకుంటూ, పరంజ్యోతి మంచం కోడుకి జానెడు దూరంలో పడింది.

లక్ష్మీనరసమ్మ వచ్చేసరికి దీవెన నేల మీద కూర్చుని ఉంది. పరంజ్యోతి ఎడమ చెయ్యి కూతురి తల మీద ఉంది.

"మీ తమ్ముడు రాకుండానే మీ అమ్మని పంపించెద్దామనే?"

"అనకు మామ్మా. నట్టు బిగించాననుకున్నాను."

"బిగించినా వదులైపోద్ది. ఊపడానికి అది పనికిరాదు. పిడి ఉన్న గుండు తే. అందులో ఊడేదేటీ లేదు కదా?"

కుట్టుకూలి కూడబెట్టి రెండు వారాలకి కొంది. షాపువాడు ఆమె అడక్కముందే గుండు పట్టుకుని దాలయ్య కాటా దగ్గరికి నడిచాడు.

డంబెల్సు భుజాలకీ వీపుకీ ఉండిపోయాయి. గుండు మంచం కిందికి పోయింది. నీళ్ళ బిందె పట్టే చోటు కూడా పట్టలేదు. బిగించేదీ విప్పేదీ ఏమీ లేదు. లాగడం, ఎత్తడం, తోసెయ్యడం.

మొదటిరోజు, త్రినాథ్ ఉండగా, దీవెన తలుపు తెరిచి, వసారా వైపు తిరిగి, ఎదురుగా ఎవరూ లేకుండా చూసుకుని ఊపింది. గుమ్మం పక్కన నిలబడ్డ లక్ష్మీనరసమ్మకి కళ్ళ ముందు వసారా కరిగిపోయింది. వరి కుప్ప మీద లక్ష్ముడు నిలబడి ఉన్నాడు, ఆవిడ మొగుడు, పాతికేళ్ళవాడు. కింద నుంచి తను పన, కోసి కట్టిన వరి కట్ట, పైకి విసురుతోంది. పన పోయేది చేతుల బలంతో కాదు. వెనక్కి ఒరిగిన తుంటి ఒక్కసారి ముందుకొచ్చేది, పన దానంతటదే ఎగిరేది. పైన లక్ష్ముడి నవ్వు, పొట్టు, ఎండ.

"సేతుల్తో లాగుతావేటే?" అని అరిచింది. "సేతులు తాళ్ళనుకో. నడుం వంచకు, తుంటి ఎనక్కి తియ్యి. ఇప్పుడు ముందుకి కొట్టు. పన ఇసిరినట్టు!"

"నాను ఎప్పుడు ఇసిరాను మామ్మా పనలు?"

"నాను ఇసిరాను. నన్ను సూడు." ఖాళీ చేతులతో వంగి విసిరి చూపించింది. ఆ వయసులో ఆ విసురు చూసి త్రినాథ్ నోరు తెరిచాడు.

"మామ్మగారూ, ఇది ఎక్కడ నేర్చుకున్నారు?"

"నీ కాలేజీలో కాదులే."

ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టలాదివారం నాటికి గుండు గుండెలకి హత్తుకుని గొంతు కూర్చుని లేవడం దీవెనకి ఊపిరి తీసినంత తేలికైంది. లేపాల్సిన మనిషి నడుముకి కట్టే వెడల్పు పట్టీ ఒకటి త్రినాథ్ తెచ్చాడు. మొత్తం బరువు మీరు మొయ్యక్కర్లేదు, అమ్మ ఎడమ కాలు కొంత మోస్తుంది, పట్టీ పట్టుకుని మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా పెట్టి లేపండి అని చూపించాడు. అమ్మ మీద చేసేముందు బాగున్న మనిషి మీద అలవాటు చేసుకోండి, నేనున్నప్పుడే, అన్నాడు.

ఈస్టరు అయింది. స్టాన్లీ సాయంత్రం బస్సుకి వస్తున్నాడు. మధ్యాహ్నం త్రినాథ్ గోడకానుకుని నిలబడ్డాడు. పరంజ్యోతిని కిటికీ పక్క కుర్చీలో దీవెన, త్రినాథ్ కలిసి కూర్చోబెట్టారు. మంచం ఖాళీగా ఉంది. దీవెన చేతిలో పట్టీ.

"మామ్మా, ఓ మాట."

"సెప్పు."

"అమ్మ యాభై మూడు కిలోలు. నువ్వు యాభై ఒకటి. దాలయ్య కాటా అబద్ధం సెప్పదు కదా."

లక్ష్మీనరసమ్మకి అర్థమైంది. పురుడప్పుడు కూడా ఎవరి చెయ్యీ పట్టుకోని మనిషి. లక్ష్ముడు పోయిన రోజు ఎత్తబోయిన ఆడవాళ్ళను విదిలించుకుని తనంతట తాను లేచిన మనిషి.

"నన్ను ఎత్తుతావేటే?"

"ఎత్తుతాను. ఆ మంచం మీద కూకో. కుడి పక్క సచ్చిపోయిందనుకో. నా మెడ పట్టుకోకు, నాకు సాయం సెయ్యకు మామ్మా. నీ బరువు నా మీద వదిలెయ్యి."

లక్ష్మీనరసమ్మ మంచం మీద కూర్చుని, కుడి చెయ్యి చచ్చినట్టు ఒళ్ళో వదిలేసి, దీవెన భుజం మీదికి ఒరిగింది.