మూడు చీరల శుక్రవారం

శుక్రవారం పొద్దున మా హమ్రియా రూములో ఏసీ ఆపేసేవాళ్లం. దాని గుర్రుగుర్రు చప్పుడు వీడియోలో పడుతుందని. మస్కట్ ఎండల్లో ఏసీ ఆపడమంటే ఏమిటో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా లాభం లేదు. పక్క మంచం అక్క పొయ్యి దగ్గర నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుంటూ, "ఏమే పిల్లా, చేపల్ని వేయిస్తున్నావా, నన్ను వేయిస్తున్నావా?" అనేది. ఆ మాట కూడా వదలకుండా వీడియోలో పెట్టేదాన్ని. జనానికి అలాంటివే కావాలి మరి.

అక్కది గోదావరి వైపు, నాది కడప. ఇద్దరం ఒకే క్లీనింగ్ కంపెనీలో పనిచేస్తున్నాం. పొద్దున్నే కంపెనీ వ్యాన్ వచ్చి ఎక్కించుకుంటుంది, ఆఫీసులూ విల్లాలూ తుడిచి సాయంత్రానికి రూములో పడతాం. డ్యూటీలో ఫోన్లు బ్యాగులో, బ్యాగులు లాకర్లో. సెలవు శుక్రవారం ఒక్కటే. వంటల ఛానల్ పెట్టింది నేనే గానీ, దాన్ని చూసేది మాత్రం అక్క మాటల కోసం. నేను చెబితే వంట, ఆవిడ చెబితే కబురు.

మొదట్లో ఎప్పుడు కుదిరితే అప్పుడు పెట్టేదాన్ని. ఒకరోజు ఎవరో "మేడం, మీ వీడియో ఎప్పుడొస్తుందో తెలియక రోజూ చూసుకుంటున్నాం" అని రాశారు. ఇంకేముంది, నాకు తల తిరిగింది. నా వీడియో కోసం ఎదురుచూసేవాళ్లున్నారా! ఆ ఊపులో ఎవర్నీ అడగకుండా, ఆలోచించకుండా, ఇకమీదట శని, సోమ, బుధవారాల్లో వీడియో అని ప్రకటించేశాను. అక్క విని, "వారానికి మూడా? మనకున్నది ఒక్క శుక్రవారం కదే" అంది. "అన్నీ ఆ శుక్రవారమే తీద్దాం కదక్కా, ఏమైతాది?" అన్నాను. తెలివైనదాన్ని కదా!

అలా మొదలైంది మా మూడు చీరల శుక్రవారం. మొదట ఆకుపచ్చ చీరలో మత్తి చేపల పులుసు. అది దించగానే అక్క బాత్‌రూములోకి పోయి చీర మార్చుకుని, జడ విప్పి ముడేసుకుని వచ్చేది. అప్పుడు సంగటి. మళ్లీ చీర, మళ్లీ జడ, మళ్లీ ఇంకో కూర. ప్రతిదాని మొదట్లోనూ కెమెరా వైపు చూసి, "ఇవాళ సోమవారమండీ", "ఇవాళ బుధవారమండీ, పొద్దున్నుంచీ ఖాళీయే, సరే అని మొదలెట్టాం" అని చెప్పించేదాన్ని. ఏ రోజు పెట్టేది ఆ రోజే తీసినట్టుంటే చూసేవాళ్లకు మన ఇంట్లో కూర్చున్నట్టు ఉంటుందని నా లెక్క. అక్క నవ్వుకుంటూ చెప్పేది. తప్పని ఇద్దరికీ తోచలేదు. పెళ్లి వీడియోలో మళ్లీ తాళి కట్టించుకున్నట్టు, అదొక ఆట అనుకున్నాం.

సాయంత్రానికి అక్కకు నిలబడే ఓపిక ఉండేది కాదు. ఇంటికి ఫోన్ చేసేది శుక్రవారమే. కూతురు పదో తరగతి అయిపోయి, అమ్మమ్మ దగ్గర, మేనమామ ఇంట్లో ఉంటోంది. ఆ పిల్లతో మాట్లాడుతూ మాట్లాడుతూనే అక్క నిద్రలోకి జారిపోయేది. ఫోన్‌లోంచి "అమ్మా... అమ్మా... పడుకున్నావా?" అని వినిపించేది. నేనా? పక్క మంచం మీద ఎడిటింగ్‌లో ఉండేదాన్ని.

నా బతుకూ ఏం బాగాలేదు. శనివారం నుంచి గురువారం దాకా, డ్యూటీ గంటలు తప్ప, చేతిలో ఫోన్ వదిలింది లేదు. వ్యాన్‌లో కత్తిరింపు, అన్నం తింటూ థంబ్‌నెయిల్, మంచమెక్కాక కామెంట్లకు జవాబులు. కళ్లు మండేవి. ఒకసారి విల్లాలో తుడిచిన గదినే మళ్లీ తుడుస్తుంటే సూపర్‌వైజర్ "దిమాగ్ కిధర్ హై?" అని, బుర్ర ఎక్కడ పెట్టావని అరిచింది. ఎవరేం పలకరించినా కసురుకునేదాన్ని. ఒక్క బుధవారం వీడియో తప్పితే జనమంతా నన్ను వదిలేసి పోతారని దడ. ఎవరు పోతారు, ఎక్కడికి పోతారు, అడగడానికి కూడా తీరిక లేదు.

ఒక గురువారం పొద్దున వ్యాన్‌లో వెళ్తున్నాం. వెనక సీట్లలో ఆడవాళ్లందరికీ ముందురోజు వీడియో కామెంట్లు పైకి చదివి వినిపించడం నాకలవాటు. "అక్క నవ్వు సూపర్" అని చదివాను, అందరూ అక్కను ఆటపట్టించారు. అదే జోరులో కిందది కూడా చదివేశాను. "అమ్మా, బుధవారం నీకు పొద్దున్నుంచీ ఖాళీయే అన్నమాట. నేను అన్నిసార్లు ఫోన్ చేసింది కూడా బుధవారమే."

చదవడం అయ్యాక గానీ ఏం చదివానో బుర్రకెక్కలేదు. వ్యాన్‌లో నవ్వుతున్నవాళ్లంతా అక్క వైపు తిరిగారు. అక్క నా చేతిలో ఫోన్ తీసుకుని తనే మళ్లీ చదువుకుంది. ఛీ, ఆ నిమిషాన వ్యాన్ తలుపు తీసుకుని రోడ్డు మీద దూకేద్దామనిపించింది.

జరిగింది అక్కే ఆ సాయంత్రం వాళ్లమ్మకు ఫోన్ చేసి తెలుసుకుని చెప్పింది. ఆ బుధవారం కాలేజీలో చేరడానికి ఆఖరి రోజు. పిల్లకు డాక్టరు చదువు మీద మనసు, బైపీసీ కావాలంది. మేనమామ ఎంపీసీ అన్నాడు. అమ్మ చేత ఒక్క మాట చెప్పిస్తే మామ వింటాడని పిల్ల ఫోన్ మీద ఫోన్ చేసింది. అక్క ఫోన్ లాకర్లో ఉంది, డ్యూటీ అయ్యాక చూసుకుని తిరిగి చేస్తే పిల్ల ఎత్తలేదు. మామ తనకు నచ్చిన గ్రూపులో చేర్పించి, హాస్టల్లో దింపేసి వచ్చాడు. అదే సాయంత్రం తల్లి నీలం చీరలో, నవ్వుతూ, "ఇవాళ బుధవారమండీ" అంటూ ఫోన్‌లో కనిపించింది.

అక్క నా ముందే ఫోన్ చేసి, "అది శుక్రవారం తీసిందమ్మా, బుధవారం డ్యూటీలోనే ఉన్నాను" అంది. అవతలి మాట నాక్కూడా వినబడింది. "మరి బుధవారం అని నీ నోటితోనే చెప్పావుగా? అది అబద్ధమైతే ఇది నిజమని ఎలా నమ్మను?" ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఎత్తడం మానేసింది.

నేను వెంటనే, "అక్కా, నిజం చెప్పి ఒక వీడియో పెడతా, క్షమాపణ అడుగుతా" అన్నాను. అక్క నా వైపు అదోలా చూసింది. "మా అమ్మాయి గొడవ కూడా నీకు వీడియోయేనా?" అంది. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే నేనూ తిరిగి తిట్టి ఊరుకునేదాన్ని, నాకు నోరు తక్కువేం కాదు. సిగ్గుతో దుప్పటి ముసుగేసుకున్నాను.

కొన్ని వారాలు ఏ వీడియో లేదు. నేను దడుచుకున్నట్టు జనమేం పోలేదు. కొందరు ఒంట్లో బాగుందా అని అడిగారు, మిగతావాళ్లు వాళ్ల పనుల్లో వాళ్లున్నారు. అదీ సిగ్గే. దేనికోసం అక్క శుక్రవారాన్ని నమిలి మింగానో, దానికి నా తొందరతో పనే లేదు.

మళ్లీ మొదలెడదామన్నది అక్కే. "నాకూ ఆ కబుర్లు బాగుంటాయే, వంట ఎలాగూ చేస్తాం కదా. కానీ ఈసారి నేను చెప్పినట్టు" అంది. ఆ రోజు కూర్చుని మా ఒంటికి సరిపడే పద్ధతి ఒకటి అనుకున్నాం. వారానికి ఒకే వీడియో. శుక్రవారం మధ్యాహ్నం మేం తినడానికి ఏం వండుకుంటామో అదే, కెమెరా కోసం వేరే వంట లేదు. ముందు ఇంటికి ఫోన్, ఆ తర్వాతే పొయ్యి. చీర మార్చేది లేదు, వారం పేరు చెప్పేది లేదు. ఎడిటింగ్ రోజుకు కాస్త: ఆదివారం వ్యాన్‌లో అక్కర్లేనివి కోయడం, మంగళవారం మాటలు సరిచేయడం, బుధవారం థంబ్‌నెయిల్. మంచమెక్కితే ఫోన్ ముట్టకూడదు. గురువారం సాయంత్రం ఇక్కడ ఆరింటికి, మన దగ్గర ఏడున్నర, దానంతటదే వెళ్లేలా ముందే టైమ్ పెట్టి వదిలేయడం. ఓపికున్న వారం ఒకటి అదనంగా తీసి దాచుకోవడం. జ్వరమొచ్చినా, ఓవర్‌టైమ్ పడినా ఆ దాచిందే వెళ్తుంది. దాచింది కూడా లేకపోతే ఆ వారం లేదు, అంతే, ఖలాస్.

విచిత్రం, అది నడిచింది. నిద్ర పట్టింది. తుడిచిన గదిని మళ్లీ తుడవడం లేదు. దాచిపెట్టిన వీడియోలు రెండు చేరాయి. నడవనిది ఒక్కటే, అక్క ఫోన్. ప్రతి శుక్రవారం పొయ్యి ముట్టించకముందు అక్క ఫోన్ చేసేది, అది మోగి మోగి ఆగేది. "సర్లే, అన్నం వండుకుందాం" అని లేచేది. నేను కెమెరా సర్దుతూ తలెత్తేదాన్ని కాదు.

అలాంటి ఒక శుక్రవారమే, ఉలవచారు కాగుతోంది. అక్క గరిటె తిప్పుతూ ఏదో చెబుతోంది. మంచం మీద తన ఫోన్ మోగింది. అక్క చటుక్కున చూసింది, పేరు చూసి గరిటె చేతిలో ఉండగానే పరుగెత్తింది. తలుపు బయట వరండాలోంచి "తల్లీ... తల్లీ..." అన్న మాట తప్ప ఇంకేం వినపడలేదు. చాలాసేపు మాట్లాడుకున్నారు. నేనూ తలుపు వైపే చూస్తూ పొయ్యి సంగతి మరిచాను, చారు అడుగంటింది. లోపలికొచ్చిన అక్క కళ్లు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. పిల్లకు హాస్టల్లో ఒంట్లో బాగాలేదట, అమ్మ గుర్తొచ్చిందట. ఇద్దరం ఆ మాడు చారే పోసుకుని తిన్నాం.

ఆదివారం వ్యాన్‌లో అక్క కిటికీకి తలానించి కునుకు తీస్తోంది. నేను చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ శుక్రవారంది కోయడానికి తెరిచాను. గరిటె తిరుగుతోంది. ఫోన్ మోగింది. అక్క చీర కొంగు కెమెరా ముందు నుంచి పోయింది. అప్పుడు నా గొంతు, నాకేమాత్రం గుర్తులేని గొంతు, విసుగ్గా వినిపించింది. "అక్కా, ఒక్క నిమిషం! పోపు పెట్టి పో!"

అన్నీ తెలిసి, అంత జరిగాక, ఆ ఫోన్ కోసం ఆవిడ ఎన్ని వారాలు ఎదురుచూసిందో కళ్లారా చూశాక, నా నోటికి వచ్చింది అదీ! వెనక్కి పోనిచ్చి మళ్లీ విన్నాను, వేరే ఏమైనా అన్నానేమోనని. లేదు, అదే.

ఆ వీడియో తీసేశాను. గురువారానికి దాచిపెట్టినవాటిలోంచి ఒకటి పెట్టాను. సాయంత్రం అది వచ్చాక అక్క చూసి, "అదేంటే, ఉలవచారు కదా ఈ వారం?" అంది.

"మాడిపోయింది కదక్కా, మాడిందాన్ని ఏం జూపిస్తాం?" అన్నాను.

అక్క బట్టలు మడతపెడుతూ, నా వైపు చూడకుండానే, "నువ్వు పిలిచింది విన్నాలేవే" అంది. మడతపెట్టిన నా నైటీ నా మంచం మీద పెట్టి, నా తల మీద చెయ్యేసి ఒక్క నిమిషం అలా ఉంచింది. నేను ఏడవలేకపోయాను, తలా ఎత్తలేకపోయాను.