తిరుగు తర్జుమా వద్దన్న రోజు

యుద్ధం సాగుతున్న రోజుల్లో నేను కంటోన్మెంటులో ఒక వకీలు దగ్గర తర్జుమా గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఆయన తమిళులు. తెలుగు కొంత మాట్లాడేవారు గానీ చదవలేరు. అందుకని ముఖ్యమైన పత్రాలకు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇంగ్లీషు పత్రాన్ని నేను తెలుగు చేస్తే, ఒక రిటైరైన పంతులుగారు మూలం చూడకుండా నా తెలుగును మళ్లీ ఇంగ్లీషులోకి మార్చేవారు. వకీలుగారు రెండు ఇంగ్లీషులనూ పక్కపక్కన పెట్టి చదివేవారు. మాటలు ఒకటిగా లేకపోయినా పట్టించుకునేవారు కారు. అర్థం తేడా కనబడితే మాత్రం మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి తప్పు నాదో పంతులుగారిదో తేల్చేవారు.

పంతులుగారికి విడిగా రుసుము ఇవ్వాలి. అది కక్షిదారు మీదే పడుతుంది. "ఉత్తరాలకూ రసీదులకూ అక్కర్లేదయ్యా. గడువు, షరతు, హక్కు వదులుకోవడం, ఇలాంటివి ఉన్నచోటే కావాలి. పత్రమంతా వద్దనుకుంటే ఆ రెండు పేరాలైనా పంపించు," అనేవారు వకీలుగారు.

పంతులుగారంటే నాకు గిట్టేది కాదు. ఒకసారి నా తెలుగులో తప్పు పట్టి, అందరి ముందూ "ఈ వాక్యం రాసినాయనకైనా అర్థమవుతుందా?" అన్నారు. ఆ మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

అప్పుడే కాడుగోడి అనే పల్లె నుంచి ఒకామె వచ్చింది. భర్త లేడు. కొడుకు పటాలంలో ఉన్నాడు. వాళ్ల చేను ఇటుకల బట్టీకి మూడేళ్లు గుత్తకు అడుగుతున్నారు. బట్టీవాళ్ల ఇంగ్లీషు పత్రాన్ని వకీలుగారు చదివి సరేనన్నారు. తెలుగు చేసి ఆమెకు వినిపించమని నాకిచ్చారు. తేడా వస్తే ఇంగ్లీషు పత్రమే చెల్లుతుందని అందులోనే రాసి ఉంది.

నేను తెలుగు పూర్తిచేశాక వకీలుగారు, "పంతులుగారికి పంపుదామా?" అన్నారు.

ఆమె నావైపు తిరిగి, "దానికి ఇంకా ఖర్చు ఉండాదా అప్పా?" అని అడిగింది.

"ఉందమ్మా. అయినా దీనికి అక్కర్లేదు. పత్రం తేలికే," అన్నాను.

వకీలుగారు నన్ను నమ్మారు. నేను చదివి వినిపించాక ఆమె వేలిముద్ర వేసింది.

యుద్ధం ముగిశాక కొడుకు తిరిగొచ్చాడు. తానే సేద్యం చేస్తానన్నాడు. గుత్త ముగియడానికి రెండు నెలల ముందు ఆమె నా తెలుగు ప్రతితో వచ్చి, చేను ఖాళీ చేయమని నోటీసు ఇప్పించింది. బట్టీవాళ్ల వకీలు వెంటనే జవాబు రాశాడు: నోటీసు ఆలస్యమైంది, కనుక షరతు ప్రకారం గుత్త మరో మూడేళ్లు సాగుతుంది.

వకీలుగారు నా తెలుగు ప్రతిని ఆ రోజే పంతులుగారికి పంపారు. మర్నాడు ఆయన రాసిచ్చిన కాగితాన్ని నా ముందుంచారు. గడువు ముగియడానికి కనీసం మూడు నెలల ముందే నోటీసు ఇవ్వాలని అసలు పత్రంలో ఉంది. నేను రాసింది "గడువునకు ముందు మూడు మాసముల లోపల". అంటే చివరి మూడు నెలల్లో ఎప్పుడిచ్చినా చాలునని. ఆమె విన్నదీ, నమ్మిందీ అదే. పంతులుగారి ఇంగ్లీషులో అదే ఉంది, నా తప్పు ఉన్నదున్నట్టుగా. ఆ ఒక్క పేరాకు ఆయన తీసుకునేది ఆమె రైలు చార్జీకి మించదు.

"ఆ రోజు ఎందుకు వద్దన్నావయ్యా?" అని అడిగారు వకీలుగారు.

"ఆమెకు ఖర్చు తగ్గుతుందని," అన్నాను. కాగితం మీంచి కళ్లు ఎత్తకుండానే ఆ మాట చెప్పాను.

వకీలుగారు రుసుము తీసుకోకుండా బట్టీవాళ్లతో మాట్లాడారు. చివరికి సగం చేను వెంటనే వదిలేయడానికి వాళ్లు ఒప్పుకున్నారు. అప్పటిదాకా చేనులో ఇటుకలు ఆరబెట్టుకున్నారంతే; మిగతా సగంలో ఇక మూడేళ్లూ మన్ను తవ్వుకుంటారు. పైమన్ను పోతే అక్కడ మళ్లీ పైరు పండదని ఆమె కొడుకు చెప్పాడు.

ఒప్పందానికి ఆమె వచ్చినప్పుడు వరండాలో ఆపి, "తప్పు నాదమ్మా. ఆ మాట నేనే తప్పు రాశాను. సరిచూడటానికి పంపకుండా ఆపింది కూడా నేనే," అన్నాను.

ఆమె, "నువ్వు నా దుడ్డు మిగిలించాలని చూస్తివి. చెడ్డ చేయాలని కాదు కదప్పా," అంది.

కాదమ్మా, పంతులుగారి చేత మళ్లీ మాట పడకూడదనే పంపనీయలేదు, అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది కూడా. ఆమె దృష్టిలో మంచివాడిగా మిగలాలన్న ఆశ ఆ మాటను ఆపేసింది. ఆమె నాకు నమస్కారం పెట్టి కొడుకు వెంట వెళ్లిపోయింది.

ఆ తర్వాత గడువూ షరతూ ఉన్న ప్రతి పేరానూ ఎవరూ అడగకముందే నేనే పంతులుగారి ఇంటికి తీసుకెళ్లేవాణ్ణి. ఆయన ఎన్నిసార్లు ఎగతాళి చేసినా వినేవాణ్ణి. కానీ ఆమెకు చెప్పవలసింది చెప్పడానికి కాడుగోడి మాత్రం ఎన్నడూ వెళ్లలేదు.