గొంతు గ్రంథి మాట్లాడిన రోజులు

మా అత్తకు మనుషుల ఆరోగ్యం చూడడానికి ఒకటే పద్ధతి ఉండేది. కంచంలోకి చూసేది. కంచం ఖాళీ అయితే మనిషి బాగున్నట్టు, మిగిలితే ఏదో తేడా ఉన్నట్టు. చిన్న వయసులోనే భర్త పోయి, ఒక్క కొడుకును పెంచి గుమాస్తాను చేసిన మనిషి ఆమె. ప్రొద్దుటూరులో ఆ ఇంటికి నేను కాపురానికి వెళ్ళేనాటికి ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చింది. ఇంట్లో మేం ముగ్గురమే: అత్త, మా ఆయన, నేను. ఆ ఏడాది నేను తిన్న తిండి చూసి అత్త మురిసిపోయేది.

నిజంగానే అంత తినేదాన్ని. పొద్దున సంగటి, దానిలోకి ఊరుబిండి పచ్చడి, ఒక గంట గడవకముందే మళ్ళీ ఆకలి. మధ్యాహ్నం అత్త కంటే ఎక్కువ, మా ఆయన కంటే ఎక్కువ. సిగ్గు విడిచి చెప్పాలంటే, పొయ్యి దగ్గర నిలబడి గిన్నె అడుగున మాడినదాన్ని కూడా గీక్కుని తినేదాన్ని. అయినా గాజులు మోచేతి దాకా జారేవి. రవికలు రెండుసార్లు కుట్లు బిగించుకున్నాను. చలికాలం తెల్లవారుజామున అందరూ దుప్పట్లు కప్పుకుంటే నాకు చెమటలు పట్టేవి. నిద్ర పట్టేది కాదు. పడుకుంటే గుండె చప్పుడు దిండులోంచి వినిపించేది.

అంతలో నెల తప్పింది.

ఇంకేముంది, అత్తకు లెక్క సరిపోయింది. ఆకలి అందుకే, చెమటలు అందుకే, చీటికీమాటికీ చిరాకు కూడా అందుకే. వీధిలో ఎవరికీ చెప్పొద్దంటూనే అందరికీ చెప్పింది. నా కంచంలో ఇంకో ముద్ద ఎక్కువ పెట్టింది. నేనూ నమ్మాను. నమ్మకుండా ఉండడానికి నాకేం తెలుసు?

ఆ నమ్మకం వల్ల నాకు జరిగిన నష్టం వేరే ఉంది. పెళ్ళిచూపుల నాడు మా ఆయన మా పులివెందుల ఇంట్లో, మా అమ్మ ఎదుట, నన్ను కడపలో టీచరు ట్రైనింగుకు పంపిస్తానని మాటిచ్చాడు. ఎస్సెల్సీ పాసై ఆ మాట కోసమే నేను ఆ సంబంధానికి తలూపాను. దరఖాస్తులు పెట్టే రోజులు దగ్గరపడ్డాక ఒక సాయంత్రం ఆ సంగతి ఎత్తాను.

“ఈ ఏడుకు వద్దులేమ్మే,” అన్నాడు మా ఆయన, అత్త ముఖం వైపు చూస్తూ. “కడుపుతో ఉండేదానివి, యాడికని పోతావు?”

“బిడ్డ పుట్టినంక సూద్దాం,” అంది అత్త. “బిడ్డ పుట్టినంక నీకే పోబుద్ధి కాదు.”

నా చేతిలో సంగటి కెలికే తెడ్డు ఉంది. దాన్ని విసిరికొట్టాను. గోడకు తగిలి పడింది. ఆ తరువాత నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇవాళ్టికీ గుర్తున్నాయి.

“నీకు కావాల్సింది కోడలు గాదత్తా, పొయ్యికాడ నిలబెట్టుకునేదానికి ఒక మనిషి! నీ కొడుకు మాటిచ్చినాడు, నువ్వు తప్పించినావు. నేను సదువుకుంటే నీ పెద్దరికం యాడ పోతాదో అని నీకు భయం. నీకెవురూ లేక ఈయప్పను కొంగుకు కట్టేసుకుంటివి, నన్ను గూడా కట్టేయాలని సూస్తాండావు!”

అంత అరిచి, ఒళ్ళంతా వణుకుతుండగా అక్కడే కూలబడి ఏడ్చాను. అత్త తెడ్డు తీసి కడిగి పక్కన పెట్టింది. రెండో రోజంతా నాతో మాట్లాడలేదు గానీ, కంచంలో మాత్రం ఎప్పటిలాగే పెట్టింది.

నెలలు గడిచాయి. కడుపు మాత్రం పెరగలేదు. మంత్రసాని వచ్చి చూసి, ఇది కడుపు కాదని పెదవి విరిచింది. ఈలోగా మా అమ్మ పులివెందుల నుంచి నన్ను చూడడానికి వచ్చింది. గుమ్మంలో నన్ను చూసి చేతిలోని సంచి కింద పెట్టేసింది.

“ఏంది వదినా, నా బిడ్డకు కూడు పెడ్తాండారా లేదా?” అంది అత్తతో.

అత్తకు అంతకంటే పెద్ద తిట్టు లేదు. ఏడుస్తూ వంటింట్లోకి తీసుకుపోయి, నేను పూటకు ఎంత తింటానో గిన్నెలు చూపించింది. అమ్మ నమ్మలేదు. భోజనానికి నా ఎదురుగా కూర్చుని చూసింది. చూశాక ఆమె ముఖంలో కోపం పోయి భయం వచ్చింది. ఇంత తింటూ చిక్కిపోతున్నానంటే క్షయేనని ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. అప్పటికి నా కళ్ళు కూడా ఏదో చూసి బెదిరిన మనిషి కళ్ళలాగా ముందుకొచ్చాయి. మా ఆయన మర్నాడే నన్నూ అత్తనూ బస్సెక్కించి జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయాడు.

అక్కడ మద్రాసులో చదివివచ్చిన ఒక డాక్టరమ్మ ఉండేది. నన్ను తూకం వేయించింది. ఛాతీ పరీక్ష చేయించి, క్షయ కాదని చెప్పింది. తరువాత నా వెనక నిలబడి మెడ ముందు భాగం వేళ్ళతో తడుముతూ గుటక వేయమంది. చేతులు ముందుకు చాపమని, వేళ్ళ మీద ఒక కాగితం పరిచింది. కాగితం గాలికి ఊగినట్టు వణికింది. ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచుకుంది. నేను నిద్రపోయినప్పుడు నర్సు వచ్చి నాడి చూసి పోయేదట.

“బెంగ వల్ల గుండె కొట్టుకుంటే నిద్రలో నెమ్మదిస్తుంది,” అని మా ఆయనకు చెప్పింది డాక్టరమ్మ. “ఈమెకు నిద్రలోనూ పరుగే. మెడలో థైరాయిడ్ అనే గ్రంథి ఉంటుంది. దాని రసం ఎక్కువైతే ఒంట్లో అన్నీ వేగం పెరుగుతాయి. తిన్నదంతా ఎప్పటికప్పుడు ఖర్చైపోతుంది. అందుకే అంత ఆకలి, అయినా ఈ చిక్కడం. నెలలు తప్పడం కూడా దాని పనే.”

“కోపం గూడా దానిదేనా డాక్టరమ్మా?” అని అడిగింది అత్త.

“కోపం, ఏడుపు, చిరాకు, అన్నీ ఎక్కువవుతాయి.”

అత్త నా వైపు చూసిన చూపు మరచిపోలేను. ఎన్నో నెలల భారం దిగిపోయినట్టు ముఖమంతా విప్పారింది. నా మంచం మీద కూర్చుని నా తల తన ఒళ్ళోకి తీసుకుంది.

“అనుకుంటిమ్మే. ఆ మాటలు నువ్వన్నవి కావులే. నీ గొంతులో ఉండే ఆ పాడుది అనింది,” అని నా జుట్టు నిమిరింది.

ఆ ఒడి నాకు కావలసి వచ్చింది. జబ్బు మనిషిని, భయంగా ఉంది, ఆ చేయి తీసేస్తుందేమోనని ఊరుకున్నాను.

మాత్రలు ఇచ్చారు. రోజుకు మూడుసార్లు, ఏడాది పైగా వేసుకోవాలి. గొంతునొప్పితో జ్వరం వస్తే మాత్ర ఆపేసి అదే రోజు పరుగెత్తుకుని రావాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. జబ్బు అదుపులోకి వచ్చేదాకా బిడ్డ సంగతి వద్దంది. మొదటి వారాల్లో ఏమీ తేడా తెలియలేదు. మెల్లగా చెమటలు తగ్గాయి, నిద్ర పట్టింది. గాజులు చేతికి పట్టాయి. ఒకరోజు పొద్దున లేచి గుండె చప్పుడు వినపడటం లేదని గమనించి, సంతోషంతో అట్లాగే పడుకుని ఉండిపోయాను.

అయితే ఆకలి కూడా తగ్గింది. కంచంలో అన్నం మిగిలింది. అత్తకు మళ్ళీ దిగులు పట్టుకుంది.

“పిల్ల నోరు కట్టేసినాయి ఆ మాత్రలు,” అని మా ఆయనతో పోరి, ఆయన వినకపోతే, సీసా తీసి ధాన్యపు గాదెలో దాచేసింది. నాకేమో డాక్టరమ్మే ఆపమందని చెప్పింది. నెల తిరగకముందే ఆకలి ఉరుక్కుంటూ వచ్చింది. అత్త ఆనందంగా వడ్డించింది, నేను ఆవురావురుమని తిన్నాను, బరువు మళ్ళీ జారిపోయింది, చేతులు మళ్ళీ వణికాయి. మళ్ళీ ఆసుపత్రికి పోతే సంగతి బయటపడి, డాక్టరమ్మ అత్తను వరండాలోకి పిలిచి చీవాట్లు పెట్టింది. ఆ రోజు నుంచి అత్తే మాత్ర తెచ్చి, నేను మింగేదాకా నిలబడి, నోరు తెరిపించి చూసేది. నామీద ప్రేమ ఉన్న మనిషి కాదని నేనెప్పుడూ అనను.

అలా నయమైంది. చివరకు డాక్టరమ్మ మాత్రలు ఆపింది. తిరగబెట్టే జబ్బు గనుక గుండెదడ, వణుకు, చిక్కడం కనిపిస్తే రమ్మంది. మళ్ళీ దరఖాస్తుల రోజులు వచ్చాయి. నేను మళ్ళీ అడిగాను. ఈసారి తెడ్డు విసరలేదు. ట్రైనింగుకు పోతాను, మాటిచ్చారు కదా, అన్నాను. అత్త వద్దంది. నేను గొంతు పెంచాను.

అత్త కొడుకు వైపు చూసి మెల్లగా అంది: “మళ్లా తిరగబెట్టినట్టుంది రా. రేపే జమ్మలమడుగుకు తీసకపో.”

మా ఆయన నన్ను తీసుకుపోయాడు. నాకు కోపం కంటే భయమే ఎక్కువ వేసింది. బస్సులో పోతూ నాకు నేనే అనుమానం పడ్డాను. నిజంగా తిరగబెట్టిందేమో, నాకు చదువు మీద ఉన్న ఆశ కూడా ఆ గ్రంథిలో ఊరిన రసమేనేమో, ఇంకో మాత్రతో అదీ పోతుందేమో! చిన్నప్పుడు పులివెందుల బడిలో ఇదే ఆశ ఉండేదా అని వెనక్కి వెనక్కి వెతుక్కున్నాను.

డాక్టరమ్మ నాడి చూసింది, మెడ తడిమింది, తూకం వేసింది.

“ఈమెకు ఏ జబ్బూ లేదు,” అంది.

“మరి ఎందుకు అరుస్తాంది?” అన్నాడు మా ఆయన.

“అది నన్నడిగితే ఎలా? ఆమెనే అడగండి.”

ఆయన అడగలేదు. ఇంటికి వచ్చాక అడిగింది అత్తే, గుమ్మంలోనే. ముందుగా డాక్టరమ్మ ఏమందో మా ఆయన ఆమెకు చెప్పాడు. అత్త నా వైపు తిరిగింది.

“జబ్బు లేకుండానే ఇప్పుడు ఇట్లా మాట్లాడతాండావంటే,” అంది, “అప్పుడు తెడ్డు ఇసిరి అన్న మాటలు? అవి ఎవురన్నవి?”

జబ్బే అంది అని చెప్పి ఉండవచ్చు. చెబితే ఆమె ఒడి నాదే, ఆమె చేతి ముద్ద నాదే. కానీ ఆ మాటలు గ్రంథివైతే ఈ మాటలూ గ్రంథివే అవుతాయి. ఇక జన్మలో నేనేమడిగినా జమ్మలమడుగు బస్సే గతి.

“నేనే అంటిని అత్తా. అరుపు జబ్బుది. మాటలు నావే.”

మా ఆయన తల దించుకున్నాడు. అత్త కొంగు సర్దుకుని లోపలికి నడిచింది. వంటింటి గుమ్మం దాటుతూ, వెనక్కి తిరగకుండానే కొడుకుతో అంది:

“దాని కాయితాలు పెట్టు. పోనీ.”

ఆ ఏడు కడపలో ట్రైనింగులో చేరాను. సెలవులకు ఇంటికి వస్తే అత్త ఎప్పటిలాగే అన్నం పెట్టేది. నా కంచంలోకి మాత్రం మళ్ళీ ఎన్నడూ చూడలేదు.