లేఖలో లేని భాగమ్మ

తాండూరు కాలేజీలో పాఠాలు చెబుతూనే శ్యామల నాపరాతి గనుల్లో పనిచేసే ఆడవాళ్ల మీద పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించింది. నాలుగు, ఐదు అధ్యాయాల్లో చెప్పిందే మళ్లీ చెప్పారని, రెండింటినీ కలిపి రాయమని పరీక్షకుడు నివేదిక పంపాడు. ఆ మార్పుకు అనుమతి కోరుతూ శ్యామల విభాగాధిపతికి లేఖ రాసి, సంతకం కోసం గైడు పద్మారాణికి ఇచ్చింది.

“కలపమన్నరు, సరే. భాగమ్మ కథ తీసేయమని నివేదికల ఎక్కడున్నది?” అని లేఖ చదివి పద్మారాణి అడిగింది.

శ్యామల తలదించుకుంది. గనిలో రాళ్లు మీదపడి కూతురు చనిపోయిన సంగతి చెబుతూ గని కూలీ భాగమ్మ అప్పట్లో, “నా పిల్ల ముచ్చట పుస్తకంల ఉంచు బిడ్డా” అని చెయ్యి పట్టుకుంది. కొత్త అధ్యాయంలో దాన్ని ఇమడ్చలేక శ్యామలే తీసేసి, పరీక్షకుడి సూచన ప్రకారమేనని లేఖలో రాసింది.

“నాకే ఓపిక లేకపాయె మేడం. తప్పు నాదే.”

కథను ఉంచుతూ లేఖ మళ్లీ రాసింది. పరిశోధన కమిటీ ఒప్పుకుంది.

ఆదివారం ఇంటికి వెళ్లి, కథ పుస్తకంలో ఉంటుందని చెబితే భాగమ్మ సంబరంగా చాయ్ పెట్టింది. ఒకసారి తీసేశానని మాత్రం శ్యామల చెప్పలేకపోయింది.