పేద్రో నడుస్తూనే ఉన్నాడు

ఈ సాయంత్రం జరిగింది మన సూర్యాపేట పఠన మందిరం గోడపత్రికలో రాయకుండా ఉండలేకపోతున్నాను.

మిషన్ దవాఖానాలో నాకు స్పానిష్ నేర్పిన సిస్టరమ్మ తన దేశం వెళ్లిపోయి ఏడాదైంది. వెళ్తూ నాకోసం ఒక చిన్న కథ రాసిచ్చింది. అందులో నేను నేర్చుకున్న మాటలే మళ్లీ మళ్లీ వస్తాయి. అంతా ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది. జరిగిపోయినవి చెప్పే పాఠం దాకా మేం రానేలేదు.

ఆ భాష మాట్లాడేవాళ్లు లేక, అరుగు మీద దాన్నే పైకి చదువుకుంటున్నాను. "పేద్రో కమీనా. ఎల్ కమీనో ఎస్ లార్గో. మరియా ఎస్పేరా. లా సోపా ఎస్తా కల్యెంతే."

పక్కింటి రాములమ్మ అర్థం అడిగింది. ఆమె పెనిమిటి ఊళ్లో గొడవలప్పుడు ఇల్లు విడిచి రెండేళ్లయింది.

"పేద్రో నడుస్తున్నాడు. దారి పొడుగు. మరియా ఎదురుచూస్తోంది. చారు వేడిగా ఉంది," అన్నాను.

"ఎన్నడు వోయిండు పంతులూ?"

"అది కథలో లేదమ్మా."

"ఒస్తడా?"

చివరి వాక్యం చూశాను. "పేద్రోకి ఇల్లు కనిపిస్తోంది," అన్నాను.

"గంతే సాలు. ఇగ సదవకుండ్రి," అని లేచి వెళ్లింది.

కాసేపటికి ఆమె పొయ్యి పొగ నా అరుగు దాకా వచ్చింది. నేను పొద్దుటి చద్దన్నమే తిన్నాను.

ఎవరైనా స్పానిష్ నేర్చుకుంటానంటే ఈ కాగితం కింద పేరు రాయండి. మొదటి పాఠాల్లో ఎవరూ వెళ్లిపోయి ఉండరు.