మెట్ల మీద మాట్లాడని ఫోను

పోర్టు దగ్గర, ఓడ సరుకుకు కస్టమ్స్ అనుమతులు తెచ్చే మా క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో ఎవరైనా ఫోను పట్టుకుని మెట్ల మీదికి వెళ్తే వేరే ఉద్యోగం వెతుకుతున్నట్టే లెక్క. యజమానికి తెలిస్తే ఉన్నదీ పోతుంది.

ఒక మధ్యాహ్నం ఒక రిక్రూటరు నుంచి మెసేజ్ వచ్చింది: "ఇప్పుడు కాల్ చేయవచ్చా?"

ఈ పోర్టులోనే ఒకప్పుడు మా తాతగారి మాటకు ఓడలు ఖాళీ అయ్యేవి. ఆయన మనవణ్ణి నేను, మెట్ల మీద గుసగుసలాడలేను. కూర్చున్న చోటే జవాబు రాశాను: "ఆసక్తి ఉంది. ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్నాను. దయచేసి సాయంత్రం ఏడు దాటాక ఈ నంబరుకే చేయండి. నేను చెప్పేదాకా మా ఆఫీసులో ఎవరినీ సంప్రదించవద్దు." 'దయచేసి' ఒకసారి తీసేసి, మళ్లీ పెట్టి పంపాను.

"తప్పకుండా సార్. ముందు మెసేజ్ పెట్టి చేస్తాను," అని జవాబొచ్చింది.

పక్క సీటతను నా ఫోను వైపు చూసి నవ్వాడు. "ఏటి బావా, అందరూ మెట్లెక్కేసినారు. నువ్వు కదలవేటి?"

"నాకిక్కడే బాగుంది," అన్నాను.

ఆ సాయంత్రం భీమిలి రోడ్డు పక్కన, సముద్రం ఎదురుగా నిటారుగా నిలబడి, గొంతు తగ్గించకుండా హాయిగా మాట్లాడాను.